రెండు దూకుళ్లు, ఐదు అక్షరాలు: హెచ్‌ఐవీ మన కణంలో ఎలా స్థిరపడుతుంది

ఏఆర్‌టీ కేంద్రంలో హెచ్‌ఐవీ ఉన్నవారికి రోజుకొకటి చొప్పున ఇచ్చే టీఎల్‌డీ మాత్రలో మూడు మందులుంటాయి: టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50. మొదటి రెండూ రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ అనే ఎంజైమును ఆపుతాయి. మూడోది ఇంటిగ్రేజ్‌ను ఆపుతుంది. ఈ రెండు ఎంజైములూ వైరస్ తన వెంట తెచ్చుకునేవే, మన కణంలో ఉండవు.

పాఠాల్లో ఈ రెండింటినీ విడివిడిగా చెప్పేస్తారు. రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మారుస్తుంది, ఇంటిగ్రేజ్ ఆ డీఎన్‌ఏను మన క్రోమోజోములో అతికిస్తుంది. ఇది తప్పు కాదు. కానీ మొదటి ఎంజైము అంత మెలికలు తిరిగిన దారిలో ఎందుకు పనిచేస్తుందో దీనివల్ల తెలియదు. ఆ మెలికలకు కారణం డీఎన్‌ఏ కొసల్లో ఉంది. ఇంటిగ్రేజ్ పట్టుకునేది కొసలనే. ఆ కొసలు సరిగ్గా ఉండాలంటే రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ మధ్యలో రెండుసార్లు ఒక చోటు నుంచి మరో చోటికి దూకాలి. ఈ అంశం మీద అసైన్‌మెంట్ రాసేవాళ్లు ఈ లింకు చూపించగలిగితే మిగతా బొమ్మంతా దానంతటదే అర్థమవుతుంది.

ఆర్‌ఎన్‌ఏలో లోటు ఎక్కడుంది

హెచ్‌ఐవీ-1 కణికలో ఒక్కోటి సుమారు 9,200 అక్షరాల, అంటే న్యూక్లియోటైడ్ల, పొడవున్న రెండు ఆర్‌ఎన్‌ఏ పోగులుంటాయి. రెండూ దాదాపు ఒకే ప్రతులు. ఒక్కో పోగు ఎడమ కొసలో ఆర్, యూ5 అనే ముక్కలు, కుడి కొసలో యూ3, ఆర్ అనే ముక్కలు ఉంటాయి. ఆర్ ముక్క రెండు కొసల్లోనూ ఉంటుంది. యూ5 ఎడమవైపే ఉంటుంది, యూ3 కుడివైపే ఉంటుంది.

క్రోమోజోములో చేరిన వైరస్ డీఎన్‌ఏలో మాత్రం రెండు కొసల్లోనూ యూ3, ఆర్, యూ5 మూడూ వరసగా కనిపిస్తాయి. సుమారు 634 అక్షరాల ఈ వరసనే ఎల్‌టీఆర్ అంటారు. అంటే ఆర్‌ఎన్‌ఏను ఉన్నదున్నట్టు నకలు తీస్తే సరిపోదు. ఎడమ కొసకు యూ3ని, కుడి కొసకు యూ5ని అదనంగా చేర్చాలి. యూ3లోనే ప్రమోటరు ఉంటుంది. అది ఎడమ కొసకు రాకపోతే, అతికించిన డీఎన్‌ఏను మన కణం చదవడం మొదలుపెట్టే చోటే ఉండదు.

రెండు దూకుళ్లు

రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్‌లో రెండు ప్రొటీన్లు జతగా ఉంటాయి. పెద్దది పీ66, చిన్నది పీ51. పని చేసేది పెద్దదే, చిన్నది దానికి ఊతం. పీ66లో రెండు పనిముట్లున్నాయి. ఒకటి డీఎన్‌ఏను కట్టేది. రెండోది ఆర్‌ఎన్‌ఏస్ హెచ్. డీఎన్‌ఏతో జతపడి ఉన్న ఆర్‌ఎన్‌ఏను అది ముక్కలు చేస్తుంది.

డీఎన్‌ఏ కట్టే ఎంజైములు సాధారణంగా ఉత్తి చేతులతో మొదలుపెట్టలేవు, ముందే జతపడి ఉన్న ఒక చిన్న ముక్క, అంటే ప్రైమరు, కావాలి. హెచ్‌ఐవీ దానికి మన కణానిదే అయిన ఒక టీఆర్‌ఎన్‌ఏను వాడుకుంటుంది. అది లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసే టీఆర్‌ఎన్‌ఏ. కొత్త వైరస్ కణిక తయారైనప్పుడే దాన్ని లోపల పెట్టుకుని బయలుదేరుతుంది. దాని చివరి 18 అక్షరాలు వైరస్ ఆర్‌ఎన్‌ఏలో యూ5 పక్కనే ఉన్న 18 అక్షరాలకు సరిగ్గా జతపడతాయి. ఆ చోటును ప్రైమర్ బైండింగ్ సైట్ అంటారు.

అక్కడి నుంచి ఎంజైము ఎడమకు కదులుతూ యూ5ను, తర్వాత ఆర్‌ను నకలు తీస్తుంది. సుమారు 180 అక్షరాలు కట్టేసరికి ఆర్‌ఎన్‌ఏ కొస వచ్చేస్తుంది, ఇక ముందుకు దారి లేదు. ఈలోపు ఆర్‌ఎన్‌ఏస్ హెచ్ కింది ఆర్‌ఎన్‌ఏను కొరికేసి, కొత్తగా కట్టిన ఆర్ డీఎన్‌ఏను ఒంటరి పోగుగా బయట పెడుతుంది. ఆ ఒంటరి పోగు జత కోసం ఆర్‌ఎన్‌ఏ కుడి కొసలో ఉన్న రెండో ఆర్‌కు వెళ్లి అతుక్కుంటుంది. ఇదే మొదటి దూకుడు. ఆర్ రెండు కొసల్లోనూ ఎందుకుందో ఇక్కడ తెలుస్తుంది, దిగడానికి చోటు అదే. కణికలో రెండు ఆర్‌ఎన్‌ఏలున్నాయి కాబట్టి దూకేది మొదటి పోగు మీదికే కావాలని లేదు, రెండోదాని మీదికీ దూకవచ్చు.

ఇప్పుడు ఎంజైము కుడి కొస నుంచి యూ3 మీదుగా వెనక్కి జీనోమంతా నకలు తీస్తూ వస్తుంది, వెనకే ఆర్‌ఎన్‌ఏస్ హెచ్ పాత ఆర్‌ఎన్‌ఏను చెరిపేస్తుంది. ఒక్కచోట మాత్రం ఆ కోత పడదు. ఏ, జీ అక్షరాలు మాత్రమే ఉన్న చిన్న ముక్క ఒకటి యూ3 పక్కనే ఉంటుంది, దాని పేరు పాలీప్యూరిన్ ట్రాక్ట్. అది మిగిలిపోయి రెండో డీఎన్‌ఏ పోగుకు ప్రైమరు అవుతుంది. జీనోము నడిమధ్యలో ఇలాంటిదే మరొకటి ఉంది, రెండో పోగు అక్కడి నుంచి కూడా మొదలవుతుంది.

రెండో పోగు యూ3, ఆర్, యూ5లను నకలు తీసి టీఆర్‌ఎన్‌ఏలోకి 18 అక్షరాలు వెళ్లి ఆగిపోతుంది. ఆ తర్వాతి అక్షరానికి మన కణం ముందే ఒక మిథైల్ గుంపు తగిలించి ఉంచింది, ఎంజైము దాన్ని దాటలేదు. మన కణం తన అవసరానికి చేసుకున్న ఆ మార్పును వైరస్ తనకు మైలురాయిగా వాడుకుంటోంది. ఆగిన చోట టీఆర్‌ఎన్‌ఏ ఊడిపోతుంది, ఆ 18 అక్షరాలు బయటపడి మొదటి పోగు చివర ఉన్న జతకు అతుక్కుంటాయి. ఇది రెండో దూకుడు. ఆపైన రెండు పోగులూ ఒకదాన్ని ఒకటి అచ్చుగా పెట్టుకుని పూర్తవుతాయి. రెండు కొసల్లోనూ యూ3, ఆర్, యూ5 సిద్ధమవుతాయి.

టీఆర్‌ఎన్‌ఏ ఊడినప్పుడు ఆర్‌ఎన్‌ఏస్ హెచ్ పూర్తిగా మూలం దగ్గర కోయదు, టీఆర్‌ఎన్‌ఏ చివరి అక్షరం ఏను డీఎన్‌ఏకు అంటుకునే వదిలేస్తుంది. ఇంత పెద్ద కథలో ఒక్క అక్షరం అనిపించవచ్చు. కానీ కుడి కొసను ఇంటిగ్రేజ్ గుర్తుపట్టే రూపానికి తెచ్చే అక్షరం అదే.

తప్పులు, వాటి లెక్క

మన కణంలో డీఎన్‌ఏ నకలు తీసే ముఖ్యమైన ఎంజైములు తప్పు పడితే వెనక్కి వచ్చి దిద్దుకుంటాయి. రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్‌కు ఆ శక్తి లేదు. ఒక్కసారి నకలు తీయడంలో లక్ష అక్షరాలకు సుమారు మూడు తప్పులు పడతాయని కొలిచారు. 9,200 అక్షరాల జీనోముకు లెక్కేస్తే మూడు కొత్త వైరస్‌లలో ఒకదానిలో ఒక మార్పు ఉంటుంది. చికిత్స లేని మనిషిలో రోజుకు సుమారు వెయ్యి కోట్ల కొత్త కణికలు పుడతాయి. అవన్నీ మరో కణాన్ని చేరవు, చాలావరకు వృథా అవుతాయి. అయినా జీనోములో ప్రతి అక్షరమూ రోజూ ఎక్కడో ఒకచోట మారుతూనే ఉంటుందని ఈ లెక్క చెబుతుంది.

లామివుడిన్ విషయంలో ఇది ఎలా ఉంటుందో చూడవచ్చు. ఎంజైములో డీఎన్‌ఏ కట్టే చోట 184వ స్థానంలో మెథియొనిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. దాని కోడు ATG. మొదటి అక్షరం ఒక్కటి మారి GTG అయితే అక్కడ వాలిన్ వస్తుంది. వాలిన్ పక్కకు పొడుచుకొచ్చిన భాగం న్యూక్లియోటైడ్‌లా నటించే లామివుడిన్‌కు అడ్డం తగులుతుంది, అసలైన న్యూక్లియోటైడ్‌కు అంతగా తగలదు. మందు పట్టు వందరెట్లకు మించి సడలిపోతుంది. ఒక్క అక్షరంతో ఇది జరుగుతుంది కాబట్టి లామివుడిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు కొద్ది వారాల్లోనే ఎం184వీ వైరస్ పైకి వచ్చేసింది. మందు ఆ మార్పును పుట్టించలేదు. ముందే పుట్టి ఉన్నదానికి ఖాళీ స్థలం ఇచ్చింది, అంతే. పరీక్షల్లో చాలామంది తడబడే చోటు ఇది. మాత్రలో మూడు మందులు కలపడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఒక్క అక్షరం మార్పు రోజూ దొరుకుతుంది. మూడు మందులనూ ఒకేసారి తప్పించుకునే మార్పులన్నీ ఒకే జీనోములో పడటం చాలా అరుదు.

కేంద్రకంలోకి

పాత పుస్తకాల బొమ్మల్లో వైరస్ కణంలోకి దూరగానే జీనోమును చుట్టి ఉన్న క్యాప్సిడ్ అనే ప్రొటీన్ గూడు విచ్చుకుంటుంది, నకలు తీయడం సైటోప్లాజంలో పూర్తవుతుంది, ఆ తర్వాత డీఎన్‌ఏ కేంద్రకంలోకి వెళుతుంది. 2020 ప్రాంతంలో వచ్చిన మైక్రోస్కోపు పరిశీలనలు దీన్ని మార్చాయి. శంకువు ఆకారంలో ఉన్న క్యాప్సిడ్ దాదాపు చెక్కుచెదరకుండానే కేంద్రకపు రంధ్రం గుండా లోపలికి వెళ్లగలదని, నకలు తీయడం లోపలే పూర్తవుతుందని, అతికించే చోటికి దగ్గరగా వచ్చాక గూడు విచ్చుకుంటుందని ఇప్పుడు తెలుసు. అసైన్‌మెంట్‌లో బొమ్మ గీస్తే ఈ క్రమాన్నే గీయాలి.

గూడు మూసి ఉన్నా ముడిసరుకు అందుతుంది. డీఎన్‌ఏ కట్టడానికి కావలసిన న్యూక్లియోటైడ్లు మన కణానివే, క్యాప్సిడ్ గోడలోని సన్నని రంధ్రాల గుండా అవి లోపలికి వస్తాయి. విశ్రాంతిలో ఉన్న టీ కణాల్లో, మాక్రోఫేజుల్లో ఎస్‌ఏఎంహెచ్‌డీ1 అనే ప్రొటీన్ ఈ సరుకును విరగ్గొట్టి నిల్వలు తగ్గిస్తుంది, అందుకే అక్కడ నకలు నత్తనడక నడుస్తుంది. ఉత్తేజంగా విభజన చెందుతున్న సీడీ4 టీ కణంలో ఈ కొరత ఉండదు.

ఇంటిగ్రేజ్ కోత, అతుకు

ఇంటిగ్రేజ్ 288 అమైనో ఆమ్లాల ప్రొటీన్. ఇది ఒంటరిగా పనిచేయదు. చాలా ప్రతులు కలిసి వైరస్ డీఎన్‌ఏ రెండు కొసలనూ దగ్గరికి లాగి ఒకే మూటగా పట్టుకుంటాయి, ఆ మూటను ఇంటాసోమ్ అంటారు. అసలు పని జరిగే చోట మూడు ఆమ్ల స్వభావపు అమైనో ఆమ్లాలు (64, 116, 152 స్థానాల్లో) రెండు మెగ్నీషియం అయాన్లను పట్టుకుని ఉంటాయి.

మొదటి పని కొసలు చెక్కడం. రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ వదిలిన డీఎన్‌ఏ కొసలు ఇలా ఉంటాయి:

```
5'-ACTGGAAGGG ... TCTAGCAGT-3'
3'-TGACCTTCCC ... AGATCGTCA-5'
```

ఎడమ కొస యూ3 మొదలు, కుడి కొస యూ5 చివర. ఏ పోగునైనా 3' కొస వైపు చదివితే చివర CAGT ఉంటుంది. కుడివైపు కింది పోగు చివరి A టీఆర్‌ఎన్‌ఏ వదిలిపెట్టినదే, దానికి జతగానే పై పోగులో T వచ్చింది. ఇంటిగ్రేజ్ రెండు 3' కొసల నుంచి GT అనే రెండు అక్షరాలను తెంచేస్తుంది:

```
5'-ACTGGAAGGG ... TCTAGCA-3'
  3'-ACCTTCCC ... AGATCGTCA-5'
```

ఇప్పుడు రెండు పోగులూ CAతో ముగుస్తాయి, వాటి చివర ఒక హైడ్రాక్సిల్ గుంపు తేలి ఉంటుంది. రెండో పనిలో ఈ హైడ్రాక్సిళ్లు మన క్రోమోజోము డీఎన్‌ఏ మీద పడతాయి. ఒకటి పై పోగును, ఇంకొకటి కింది పోగును, ఐదు అక్షరాల ఎడంతో తెంచుతాయి. తెంచడం, అతకడం ఒకే రసాయన చర్య. పాత బంధం విడిపోతూనే కొత్త బంధం ఏర్పడుతుంది కాబట్టి దీనికి ఏటీపీ ఖర్చు లేదు.

ఉదాహరణకు మన క్రోమోజోములో ఒకచోట ఈ వరస ఉందనుకుందాం (ఇది ఊహించి రాసింది):

```
5'-AACGTTACCTG-3'
3'-TTGCAATGGAC-5'
```

నడుమ ఉన్న GTTAC మీద కోత పడితే, పై పోగులో AAC తర్వాత, కింది పోగులో ఐదు అక్షరాల అవతల తెగుతుంది. వైరస్ నడిమికి వచ్చాక రెండు పక్కలా ఐదేసి అక్షరాల ఖాళీ మిగులుతుంది. వైరస్ 5' కొసల్లో రెండేసి అక్షరాలు అతుక్కోకుండా వేలాడుతుంటాయి. ఇక్కడితో ఇంటిగ్రేజ్ పని అయిపోతుంది. వేలాడే అక్షరాలను కత్తిరించి, ఖాళీలు పూడ్చి, చివరి ముడి వేసేది మన కణపు మరమ్మతు ఎంజైములే. విరిగిన డీఎన్‌ఏ కనిపిస్తే బాగుచేయడం వాటి పని, అది ఎవరి డీఎన్‌ఏనో అవి చూడవు. అంతా అయ్యాక పై పోగు ఇలా ఉంటుంది:

```
5'-AAC GTTAC TGGAAGGG ... TCTAGCA GTTAC CTG-3'
```

ఒక్కసారే ఉన్న GTTAC ఇప్పుడు వైరస్‌కు అటూ ఇటూ రెండుసార్లు ఉంది. వైరస్ TGతో మొదలై CAతో ముగుస్తుంది, చివర్లలో రెండేసి అక్షరాలు పోయాయి. ఒక రోగి కణం నుంచి తీసిన డీఎన్‌ఏ వరసలో ఈ ఐదు అక్షరాల జంట ముద్ర, దాని నడుమ TG నుంచి CA దాకా వైరస్ కనిపిస్తే, అది ఇంటిగ్రేజ్ చేసిన అతుకే అని ధైర్యంగా చెప్పవచ్చు.

అతికే చోటు కూడా పూర్తిగా గాలివాటం కాదు. ఎల్‌ఈడీజీఎఫ్ అనే మన ప్రొటీన్ ఒక చేత్తో ఇంటిగ్రేజ్‌ను, మరో చేత్తో చురుగ్గా చదవబడుతున్న జన్యువుల మీది హిస్టోన్ గుర్తులను పట్టుకుంటుంది. అందుకే హెచ్‌ఐవీ ఎక్కువగా పనిచేస్తున్న జన్యువుల లోపలే చేరుతుంది. ఫలానా జన్యువు, ఫలానా అక్షరం అని మాత్రం ముందే చెప్పలేం, ఒక్కో కణంలో ఒక్కోచోట పడుతుంది.

ఎక్కడ ఆగిందో కనిపెట్టడం

1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాన్స్వాజ్ బార్రే-సినూసీ, లుక్ మోంతాన్యే బృందం ఈ వైరస్ ఆచూకీ పట్టింది రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ వల్లే. ఒక రోగి లింఫు గ్రంథి కణాలను పెంచుతూ, పైనున్న ద్రవంలో ఆ ఎంజైము పని కనిపిస్తుందా అని తరచూ కొలిచారు. కొన్నాళ్లకు కనిపించింది. తర్వాత కణాలు చనిపోతుంటే అది తగ్గిపోయింది, ఆరోగ్యవంతుల లింఫోసైట్లు కలిపితే మళ్లీ పెరిగింది. ఆ ఎంజైము ఉందంటే రెట్రోవైరస్ ఉన్నట్టే అన్న నమ్మకానికి పునాది 1970లో హోవార్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ వేరువేరుగా దాన్ని కనుగొనడం.

ఇప్పుడు ల్యాబులో ఒక్కో మెట్టునూ విడిగా చూడవచ్చు. టీ కణాలను మూడు గిన్నెల్లో వేసి హెచ్‌ఐవీ కలుపుతారనుకుందాం. మొదటి గిన్నెలో మందు ఉండదు. రెండోదాంట్లో రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్‌ను ఆపే ఎఫావిరెంజ్, మూడోదాంట్లో ఇంటిగ్రేజ్‌ను ఆపే రాల్టెగ్రావిర్ ఉంటాయి. మర్నాడు డీఎన్‌ఏ తీసి, ఎంచుకున్న ముక్కను ఎన్నో ప్రతులుగా పెంచి చూపే పీసీఆర్ పరీక్షలు మూడు చేస్తారు. ఒకటి రెండో దూకుడు తర్వాతే తయారయ్యే ముక్కను వెతుకుతుంది, దీన్ని లేట్ ఆర్‌టీ అంటారు. రెండోది రెండు ఎల్‌టీఆర్‌ల వృత్తాలను వెతుకుతుంది. కేంద్రకంలోకి వచ్చీ అతుక్కోలేకపోయిన డీఎన్‌ఏ కొసలను మన మరమ్మతు ఎంజైములు ఒకదానికొకటి కలిపేస్తే ఏర్పడే గుండ్రటి ముక్కలు అవి, వాటి నుంచి వైరస్ పుట్టదు. మూడోది అలూ పీసీఆర్. మన జీనోములో పది లక్షలకు పైగా చోట్ల ఉండే అలూ వరసలో ఒక ప్రైమరు, వైరస్‌లో ఇంకొకటి పెడతారు. రెండూ ఒకే పోగు మీద దగ్గరగా ఉంటేనే, అంటే వైరస్ అతుక్కుని ఉంటేనే, ఫలితం వస్తుంది.

మొదటి గిన్నెలో మూడూ కనిపిస్తాయి. ఎఫావిరెంజ్ గిన్నెలో మూడూ దాదాపు సున్నా. రాల్టెగ్రావిర్ గిన్నెలో లేట్ ఆర్‌టీ మామూలుగానే ఉంటుంది, అలూ పీసీఆర్ పడిపోతుంది, వృత్తాలు మాత్రం మొదటి గిన్నెకన్నా ఎక్కువవుతాయి. కొత్తవాళ్లు వృత్తాలు పెరిగాయంటే మందు పనిచేయలేదేమో అని టెన్షన్ పడతారు. నిజానికి అతుక్కునే దారి మూసుకుపోయిన డీఎన్‌ఏ అటు మళ్లింది, మందు పనిచేసిందనడానికి అదే గుర్తు. రాల్టెగ్రావిర్, డోలుటెగ్రావిర్ రెండూ చెక్కిన కొసతో కూడిన ఇంటాసోమ్‌లో దూరి, ఆ రెండు మెగ్నీషియం అయాన్లను పట్టేసి, వైరస్ కొసను పక్కకు నెట్టేస్తాయి. అందుకే ఇవి ఆపేది ప్రధానంగా రెండో పనిని, చెక్కడాన్ని కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. వైరస్‌ను ప్లాస్మిడ్లనే గుండ్రటి డీఎన్‌ఏ ముక్కల ద్వారా తయారు చేసి ఉంటే ఆ ప్లాస్మిడ్ డీఎన్‌ఏ కొంత ద్రవంలో మిగిలి లేట్ ఆర్‌టీ పరీక్షలో దొంగ ఫలితం ఇస్తుంది. ముందే డీఎన్‌ఏను ముక్కలు చేసే డీఎన్‌ఏస్ ఎంజైముతో శుభ్రం చేయాలి. ఎఫావిరెంజ్ గిన్నెలోనూ లేట్ ఆర్‌టీ గట్టిగా కనిపిస్తే ఈ మురికినే అనుమానించాలి.

అతుక్కున్న తర్వాత

క్రోమోజోములో చేరిన వైరస్‌ను ప్రొవైరస్ అంటారు. ఇక దానికి రెండు ఎంజైములతోనూ పని లేదు. ఎడమ ఎల్‌టీఆర్‌లోని యూ3కి మన కణపు ఎన్‌ఎఫ్-కప్పా-బీ వంటి ప్రొటీన్లు అతుక్కుంటాయి, మన ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 2 దాన్ని మన జన్యువులాగే చదువుతుంది. మొదట్లో వచ్చే కొద్దిపాటి ఆర్‌ఎన్‌ఏ నుంచి టాట్ అనే వైరస్ ప్రొటీన్ పుట్టి, మధ్యలో ఆగిపోతున్న పాలిమరేజ్‌ను చివరిదాకా నడిపిస్తుంది. అప్పటి నుంచి కణం వైరస్ ఆర్‌ఎన్‌ఏను, ప్రొటీన్లను జోరుగా తయారు చేస్తుంది. కణం విభజన చెందితే ప్రొవైరస్ కూడా పిల్ల కణాలకు పంపకమవుతుంది.

అతుక్కున్న ప్రొవైరస్‌లలో చాలా భాగం లోపాలున్నవే, వాటి నుంచి వైరస్ రాదు. కానీ కొన్ని చెక్కుచెదరనివి విశ్రాంతిలో ఉన్న మెమరీ సీడీ4 టీ కణాల్లో చేరి మౌనంగా ఉండిపోతాయి. అక్కడ నకలు తీయడమూ అతికించడమూ జరగవు కాబట్టి టీఎల్‌డీలోని మూడు మందులకూ ఆపడానికి ఏమీ దొరకదు. చికిత్స పక్కాగా నడుస్తున్నా ఈ కణాల నిల్వ సగానికి తగ్గడానికి సుమారు 44 నెలలు పడుతుందని కొలిచారు. నిల్వలో పది లక్షల కణాలుంటే, ఆ వేగంతో అది తుడిచిపెట్టుకుపోవడానికి 70 ఏళ్లు దాటుతుంది. మందు ఆపితే ఎక్కువమందిలో కొద్ది వారాల్లోనే ఆ నిల్వలోంచి ఏదో ఒక కణం మేల్కొని, వైరస్ మళ్లీ రక్తంలో కనిపిస్తుంది.